మాస్టారి షుగర్ లెక్క: యాప్ ఆపి గూగుల్ షీట్‌కి ఎందుకు వచ్చాం

నేను రాజమండ్రిలో డైటీషియన్‌ని. ఇక్కడ రాస్తున్న కేసు ఒక ఇంటర్ కాలేజీ లెక్కల మాస్టారిది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వయసు 48. ఏప్రిల్‌లో మొదటిసారి వచ్చేనాటికి పరగడుపు షుగర్ 152, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు పూటలా రాశారు. ఇన్సులిన్ లేదు, షుగర్‌ని ఒక్కసారిగా పడేసే మాత్రలూ లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ రోజు నేను చేసిన పొరపాటు ముందే చెప్పాలి. "మాస్టారూ, ఏం తిన్నా రాసుకోండి, షుగర్ కూడా చూసుకుంటూ ఉండండి" అని పంపించేశాను. ఏం రాయాలో, ఎన్నిసార్లు చూడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. లెక్కలంటే ప్రాణమైన మనిషికి ఆ మాట చెబితే ఏమవుతుందో నేను ఊహించి ఉండాల్సింది.

మూడు వారాల తర్వాత భార్యతో కలిసి వచ్చారు. ఫోన్ తీసి క్యాలరీల యాప్ చూపించారు. ఇరవై ఒక్క రోజులు ఒక్క పూట కూడా వదలకుండా నింపారు. గ్లూకోమీటర్‌లో 132 రీడింగులు ఉన్నాయి, అంటే రోజుకు ఆరు సార్లకు పైనే. స్ట్రిప్ ఇరవై రూపాయలు వేసుకున్నా రెండున్నర వేలు దాటింది. ఎడమ చేతి వేళ్ల కొసలన్నీ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. "ఇన్ని అంకెలున్నాయి కదా, ఏం తేలింది మాస్టారూ?" అని అడిగాను. ఆయన కాసేపు ఫోన్ పైకీ కిందకీ జరిపి, "ఏం తేలలేదమ్మా. టెన్షన్ మాత్రం పెరిగింది" అన్నారు.

అప్పుడు ఆవిడ అందుకున్నారు. "రాత్రి మూడింటికి లేచి షుగర్ చూసుకుంటున్నారండీ. మొన్న మా అన్నయ్య కూతురి పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని ఒక్కో వంటకం ఫోటో తీసి ఫోన్లో వెతుకుతూ ఉన్నారు. పక్కన బంతి లేచిపోయింది. ఈయన పప్పు దగ్గరే ఉన్నారు. చివరికి ఏదీ దొరకడం లేదని పెరుగన్నం కూడా తినకుండా లేచారు." ఆయన తల దించుకున్నారు.

ఆ రోజు పావుగంట అనుకున్న అపాయింట్‌మెంట్ గంట సాగింది. ముగ్గురం కలిసి యాప్‌లో ఉన్నదంతా ఒక్కో రోజు చొప్పున చూశాం.

మొదట కనిపించింది అన్నం లెక్క. ఆయన కొత్తగా వంటింటి త్రాసు కొన్నారు. మధ్యాహ్నం కంచంలో అన్నం తూచి 200 గ్రాములని రాశారు. యాప్‌లో అన్నం అని కొడితే వచ్చిన వాటిలో మొదటిది ఎంచుకున్నారు. అది బియ్యానిది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలుంటాయి, వండిన అన్నమైతే నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి వందకు 130 దాకా ఉంటాయి. అంటే 260 క్యాలరీల అన్నానికి యాప్ 700 చూపించింది. ఆ రోజు పరిమితి దాటిందని ఎర్ర గీత వచ్చింది. ఆ గీత చూసి ఆయన రాత్రి భోజనం మానేశారు. ఇలా మానేసిన రాత్రులు మూడు వారాల్లో తొమ్మిది.

తర్వాత పెసరట్టు. వెతికితే ఒక్క అట్టుకు 90 నుంచి 300 పైదాకా రకరకాల అంకెలు వచ్చాయి. చాలా యాప్‌లలో ఈ వివరాలు వాడేవాళ్లే ఎక్కిస్తారు. ఎవరి పెనం ఎంత, ఎవరి పిండి ఎంత గట్టి, లోపల ఉప్మా ఉందా లేదా, ఏదీ తెలియదు. ఇక ఇంట్లో చేసిన మామిడికాయ పప్పు, గోంగూర, పులుసు లాంటివి ఒకే గిన్నెలో నలుగురికీ వండుతారు. అందులో ఆయన వంతుకు ఎంత నూనె పడిందో ఎవరు చెప్పగలరు? సాయంత్రం పూట మాత్రం ఆయన లెక్క పక్కాగా ఉంది. ఎందుకంటే సాయంత్రం తింటున్నది ప్యాకెట్ బిస్కెట్లు. బార్‌కోడ్ స్కాన్ చేస్తే అంకె వచ్చేస్తుంది. ముందు ఆ వేళకి ఉడికించిన శనగలో, వేరుశనగలో తినేవారట. వాటిని తూచడం, వెతకడం విసుగని మానేశారు. షుగర్ తగ్గించుకోవడానికి మొదలుపెట్టిన లెక్క మనిషిని శనగల నుంచి బిస్కెట్ల వైపు తీసుకెళ్లింది. ఇది నేను ఈ ఒక్క కేసులోనే కాదు, చాలామందిలో చూశాను. లెక్కకు సులువైనదే కంచంలోకి వస్తోందంటే ఆ లెక్క మనిషిని నడిపిస్తోందని అర్థం.

గ్లూకోమీటర్ సంగతి ఇంకాస్త లోతైనది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం తర్వాత 231 వచ్చిందట. గుండె గుభేలుమని మళ్లీ చూసుకుంటే 149. రెండింటి మధ్య ఆయన చేసింది చేతులు కడుక్కోవడం ఒక్కటే. మొదటిసారి చూసుకునే ముందు పిల్లలకి మామిడిపండు కోసి ఇచ్చారు. వేలికి అంటిన రసంలోని చక్కెర రక్తపు చుక్కలో కలిసింది. పండు ముట్టుకున్న చేతితో షుగర్ చూసుకుంటే ఇలా తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటే సరిపోతుంది.

ఆ మామిడి సంఘటన నుంచి ఆయనకో అలవాటు పడింది. అంకె నచ్చకపోతే మళ్లీ పొడుచుకోవడం, వచ్చిన వాటిలో తక్కువది యాప్‌లో రాయడం. మీటర్ జ్ఞాపకంలో ఒక సాయంత్రం ఐదు నిమిషాల్లో మూడు రీడింగులున్నాయి: 161, 155, 148. యాప్‌లో 148 ఒక్కటే ఉంది. నేను ఆయనకి ఆయన భాషలోనే చెప్పాను. ఇంట్లో వాడే మీటర్లకు ఐఎస్ఓ 15197 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం 100, ఆపైన ఉన్న రీడింగుల్లో నూటికి 95 అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే ఆ మీటర్ పాస్ అయినట్టే. అంటే రక్తంలో నిజంగా 160 ఉన్నప్పుడు మీటర్ 136 చూపించినా, 184 చూపించినా అది చెడిపోయినట్టు కాదు. మీ 161, 155, 148 మూడూ ఒకే అంకె. ఈ మాట విన్నాక ఆయన ముఖంలో వచ్చిన మార్పు నాకింకా గుర్తుంది. "అంటే నిన్న 142, ఇవాళ 151 అని నేను రాత్రంతా ఆలోచించింది..." అని ఆగిపోయారు.

ఇన్సులిన్ వాడని వాళ్లు ఊరికే ఎక్కువసార్లు చూసుకుంటే లాభం ఉంటుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో కొత్తగా షుగర్ వచ్చిన 184 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఇంట్లో చూసుకోమని చెప్పి, రెండో గుంపుకి చెప్పకుండా ఏడాది గమనించారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. హెచ్‌బీఏ1సీలో తేడా లేదు. చూసుకున్న గుంపులో మాత్రం దిగులు కొలిచే మార్కులు కాస్త ఎక్కువగా ఉన్నాయి. దీన్నిబట్టి మీటర్ పారేయమని నేను అనను. ఏ ప్రశ్నా లేకుండా కొలిస్తే ఆ కొలత వల్ల ఏమీ మారదని మాత్రం అంటాను.

యాప్ ఎవరికి, షీట్ ఎవరికి

యాప్‌లంటే నాకు పడదని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి నేనే యాప్ పెట్టుకోమని చెబుతాను. రోజుకు నాలుగు సార్లు ఇన్సులిన్ తీసుకునే అమ్మాయి ఒకరున్నారు. ప్రతి పూటా తినే పిండిపదార్థాన్ని బట్టి ఎన్ని యూనిట్లో లెక్కగట్టాలి. బ్లూటూత్ మీటర్ నుంచి రీడింగ్, దాని టైము వాటంతటవే ఫోన్లోకి వస్తాయి. అక్కడ షీట్ పెట్టుకోమంటే అన్యాయం. బస్సులోనో దుకాణంలోనో రోజంతా గడిచే వాళ్లకీ, గడుల్లో టైప్ చేయడమంటే చిరాకు పడే వాళ్లకీ యాపే మేలు. అయితే ముందుగా ఒకటి చూడమంటాను: ఎక్కించినదంతా CSV ఫైలుగా బయటికి తీసుకోవచ్చా లేదా? తీసుకోలేకపోతే ఆరు నెలల రాత ఆ యాప్‌తోనే పోతుంది, డాక్టరు గారికి చూపించాలంటే ఫోన్ చేతికివ్వాలి.

మాస్టారి విషయంలో మూడు సంగతులు షీట్ వైపు మొగ్గాయి. తినేది ఇంటి వంట, దానికి యాప్‌లో సరైన లెక్క లేదు. తెలుసుకోవాల్సింది ఒకటే, తను మామూలుగా తినే నాలుగైదు వంటకాల్లో ఏది షుగర్‌ని ఎక్కువ పెంచుతోంది అని. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ యాప్ ఆయన్ని వదలడం లేదు. ఉదయం గుర్తు చేస్తుంది, రాయకపోతే వరుస తెగిపోయిందంటుంది, పరిమితి దాటితే ఎరుపు చూపిస్తుంది. గూగుల్ షీట్‌లో ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది, ఏమీ అనదు. ఆయన లాంటి మనిషికి ఆ మౌనం అవసరం అనిపించింది.

ఏం రాయాలి

గడులు తేల్చడానికి నేను ఒక్కో దానికీ ఒకే ప్రశ్న వేశాను: "ఇందులో అంకె మారితే రేపు మీరు కంచంలో ఏం మారుస్తారు?" జవాబు లేకపోతే ఆ గడి తీసేశాం. క్యాలరీలు పోయాయి. ప్రోటీన్, కొవ్వు గ్రాములు పోయాయి. రోజూ బరువు చూడటం మానేసి వారానికి ఒకసారికి మార్చాం. మిగిలినవి ఇవి: A తేదీ, B పూట, C వంటకం, D ఎంత, E తినక ముందు షుగర్, F తిన్న తర్వాత, G తేడా, H తిన్నాక నడిచారా. చివర ఒక గడి మాటల కోసం, "జలుబు", "రాత్రి నిద్ర లేదు" లాంటివి.

వంటకం పేరు ప్రతిసారీ టైప్ చేస్తే ఒకరోజు "పెసరట్టు", ఇంకోరోజు "పెసరట్లు" అవుతుంది, లెక్క విడిపోతుంది. అందుకే C గడిలో డ్రాప్‌డౌన్ పెట్టాం. "ఎంత" అనే గడిలో గ్రాములు లేవు. ఇంట్లో రోజూ వడ్డించే గరిటెతో అన్నం ఒక్కసారి తూచాం, 85 గ్రాములు వచ్చింది. ఇక అప్పటినుంచి రెండు గరిటెలు, మూడు గరిటెలు. ఇడ్లీలు ఎన్ని, అట్లు ఎన్ని. త్రాసు అటక మీదకి వెళ్లింది.

నూనె లెక్క పూటపూటకీ వద్దన్నాను. ఆవిడ ప్యాకెట్ కత్తిరించిన రోజు క్యాలెండర్ మీద చిన్న గీత పెడతారు, అంతే. ఆ నెల నలుగురికి మూడు లీటర్లు అయ్యాయి. ముప్పై రోజులు, నలుగురు, అంటే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు. కూరలో ఎన్ని చెంచాలో అని తలబద్దలు కొట్టుకునే పని లేకుండా, నెలకు ఒక్క భాగహారంతో తెలిసిపోతుంది.

షీట్‌లో వాడింది మూడే ఫార్ములాలు:

```
=IF(OR(E2="",F2=""),"",F2-E2)
=AVERAGEIFS(G:G,C:C,"పెసరట్టు")
=COUNTIFS(C:C,"పెసరట్టు",E:E,">0",F:F,">0")
```

మొదటిది G గడిలో తేడా చూపిస్తుంది. రెండోది ఒక వంటకం సగటు. మూడోది ఆ సగటు ఎన్ని పూటల మీద వచ్చిందో చెబుతుంది. మూడోది లేకుండా రెండోది చూడొద్దన్నాను. మీటర్ తప్పు అంత ఉన్నప్పుడు ఒక్క పూట తేడాను బట్టి ఏదీ తేల్చలేం. ఐదు పూటలైనా ఉంటేనే ఆ అంకెను నమ్మాలని ఒప్పందం.

కొలిచే పద్ధతి కూడా మార్చాం. రోజంతా కాకుండా ఒక్క పూటనే పట్టుకున్నాం. రెండు వారాలు టిఫిన్ మాత్రమే. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైము నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకోసారి. రోజుకు రెండే స్ట్రిప్పులు, ఆదివారం సెలవు. రీడింగ్ నచ్చకపోయినా మళ్లీ చూడకూడదు, ఒక్క చేతులు కడగని సందర్భంలో తప్ప. వచ్చింది రాయాలి.

పన్నెండు రోజులకి నాలుగు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి తిన్న ఐదు పూటల తేడాలు 71, 84, 90, 66, 79. సగటు 78. ఉప్మా లేని పెసరట్లు రెండు తిన్న ఐదు పూటలు 35, 52, 38, 47, 33. సగటు 41. ఈ రెండు వరుసలు ఒకదాన్నొకటి ఎక్కడా తాకలేదు, అంటే తేడా మీటర్ వల్ల వచ్చింది కాదు. ఇడ్లీ మానేయమని నేను చెప్పలేదు. రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, కాస్త ఎక్కువ సాంబారు అని మార్చి చూద్దామన్నాను. దానికి సగటు 46 వచ్చింది. మరో రెండు వారాలు మధ్యాహ్నం భోజనం. మూడు గరిటెల అన్నానికి బదులు రెండు, కూర, పప్పు ఎక్కువ, తిన్నాక కాలేజీ వరండాలో పదిహేను నిమిషాల నడక. అక్కడా తేడా దాదాపు సగానికి వచ్చింది. అందులో అన్నం వాటా ఎంత, నడక వాటా ఎంత అని మాత్రం విడదీయలేం, రెండూ ఒకేసారి మార్చాం కాబట్టి. మాస్టారు విడదీసి చూద్దామన్నారు. "రెండూ చేయగలుగుతున్నారు కదా, విడదీస్తే ఏం మారుతుంది?" అన్నాను. ఒప్పుకున్నారు.

మళ్లీ మొదలైనప్పుడు

జూలై మొదట్లో ఆవిడ ఫోన్ చేశారు. "మేడమ్, ఈయన కంప్యూటర్లో ఇంకో షీట్ చేసుకున్నారండీ. మీకు చూపించేది వేరు." మర్నాడు ఆయన్ని రమ్మని, కోప్పడకుండా ఆ షీట్ తెరవమన్నాను. పధ్నాలుగు గడులు. నిద్ర గంటలు, అడుగులు, నీళ్లు, టీలో చక్కెర స్పూన్లు, రంగులు, గ్రాఫులు. శుభ్రంగా, అందంగా చేశారు. నాకు జాలేసింది. ఎందుకంటే అది సోకు కోసం చేసింది కాదు, భయంతో చేసింది. ఆయన నాన్నగారికి షుగర్‌తోనే కాలు తీసేశారని అప్పుడు చెప్పారు. మొదటి రోజు నేను అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

ఆ భయం గురించి ముందు మాట్లాడుకున్నాం. కాలి పరీక్ష ఏడాదికోసారి ఎలా చేస్తారో, కంటి పరీక్ష, కిడ్నీ కోసం మూత్ర పరీక్ష ఎందుకో చెప్పి, డాక్టరు గారి దగ్గర ఆ మూడూ చేయించుకోమన్నాను. కాళ్ల మీది బెంగకు జవాబు పాదాల పరీక్షలో ఉంటుంది, పధ్నాలుగో గడిలో ఉండదు. ఆ తర్వాత షీట్‌కి వచ్చి, ఈ పధ్నాలుగింటిలో ఏది చూసి మీరు ఏదైనా మార్చుకున్నారని అడిగాను. ఆయనే వేలితో చూపిస్తూ వెళ్లి రెండు దగ్గర ఆగారు. టీలో చక్కెర, తిన్నాక నడక. నడక పాత షీట్‌లో ఉంది. టీలో చక్కెర మానేశారు కాబట్టి దానికి గడి అక్కర్లేదు.

మనిషి హద్దు దాటుతున్నారా అని నేను ఇంట్లో వాళ్లని అడిగేవి కొన్ని ఉన్నాయి. రాసుకోలేమని బయట తినడం మానేస్తున్నారా? అంకె చూసి తర్వాతి పూట ఎగ్గొడుతున్నారా? రాత్రి లేచి చూసుకుంటున్నారా? రాసింది దాస్తున్నారా, చెరిపేస్తున్నారా? మాస్టారికి నాలుగూ ఉండేవి. ఆపమన్నప్పుడు కష్టపడైనా ఆపగలిగారు. ఆపలేక చెమటలు పట్టేవాళ్లని, తిన్నది కక్కేసేవాళ్లని నేను నా దగ్గర ఉంచుకోను. సైకాలజిస్ట్ దగ్గరికి పంపిస్తాను, ఆ పని నాది కాదు.

ఇంకో మాట. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది చదివి స్ట్రిప్పులు తగ్గించుకోవద్దు. వాళ్లకి షుగర్ 70 కిందకి పడిపోయే ప్రమాదం ఉంది. వణుకు, చెమట, కళ్లు తిరగడం అనిపించిన క్షణమే చూసుకోవాలి. ఎన్నిసార్లన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఆగస్టులో హెచ్‌బీఏ1సీ 6.9 వచ్చింది, బరువు నాలుగు కిలోలు తగ్గింది. ఇందులో మెట్‌ఫార్మిన్ పని ఉంది, రెండు పూటల మార్పు ఉంది. షీట్ వల్లే తగ్గిందని నేను చెప్పలేను. షీట్ చేసిందల్లా ఏ రెండు పూటలు మార్చాలో చూపించడం. ఆ ఫలితం వచ్చిన రోజే రోజువారీ రాత ఆపేశాం. డాక్టరు గారి దగ్గరికి వెళ్లే ముందు వారం మాత్రం రోజుకో జత చొప్పున ఒక పేజీ చేసి తీసుకెళ్తారు. మిగతా రోజుల్లో మీటర్ బీరువాలో ఉంటుంది, తాళం ఆవిడ దగ్గర.

ఈ ఏప్రిల్‌లో మాస్టారు ఫోన్ చేసి, "అమ్మా, ఒక ప్రశ్న ఉంది. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి బంగినపల్లి రెండు ముక్కలు తింటే ఎలా ఉంటుందో చూడొచ్చా?" అని అడిగారు. ఐదు పూటలు చూడండి, చేతులు కడుక్కోండి, అయ్యాక ఆపేయండి అన్నాను. పాత షీట్‌లోనే "బంగినపల్లి" అని కొత్త ట్యాబ్ తెరిచి నాతో షేర్ చేశారు. ఇది రాస్తున్న ఇవాళ్టికి అందులో నాలుగు వరుసలున్నాయి.